నెల తప్పకముందు: ఒంటి సూచనలు, స్ట్రిప్ మీది గీత

అండం విడుదలైన రోజుకూ, నెలసరి రావలసిన రోజుకూ నడుమ సుమారు రెండు వారాలుంటాయి. బిడ్డ కోసం ఎదురుచూసేవాళ్ళకూ, ఇప్పుడే వద్దనుకుని బెంగపడేవాళ్ళకూ ఈ రెండు వారాల్లో ఒకటే ప్రశ్న: కడుపు నిలిచిందా, లేదా? జవాబు కోసం కొందరు ఒంటిలోని మార్పులను గమనించుకుంటారు. రొమ్ముల్లో సలుపు, పొత్తికడుపులో లాగినట్టుండటం, నీరసం, ఎక్కడో ఒక చుక్క రక్తం, ఏ వాసనా పడకపోవడం వారికి ఆధారాలు. మరికొందరు మెడికల్ షాపులో కిట్ కొని నెల తప్పడానికి నాలుగైదు రోజుల ముందే పరీక్ష చేసుకుంటారు. ఈ రెండు దారులనూ ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల పక్కన పెట్టి చూస్తే తేలేది ఇది: నెల తప్పకముందు ఒంటి సూచనలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేవు. స్ట్రిప్ చెప్పగలదు, కానీ ఎప్పుడు చెప్పగలదన్నది మనం గోడ మీది క్యాలెండరులో లెక్కపెట్టుకునే తేదీని బట్టి ఉండదు. పిండం గర్భాశయానికి అతుక్కున్న రోజును బట్టి ఉంటుంది. ఆ రోజు ఏదో బయటివాళ్ళకే కాదు, ఆ స్త్రీకీ తెలియదు. స్ట్రిప్ తప్పుదారి పట్టించిందనిపించే సందర్భాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క విషయం నుంచే పుడతాయి.

ముందు ఒంటి సూచనల సంగతి చూద్దాం. అండం విడుదలయ్యాక అది బయటికొచ్చిన చోట అండాశయంలో కార్పస్ లూటియం అనే చిన్న గ్రంథి ఏర్పడి ప్రొజెస్టెరాన్ తయారుచేస్తుంది. అండం విడుదలైన వారానికి ఈ హార్మోను తారస్థాయికి చేరుతుంది. రొమ్ముల్లో బరువు, కడుపు ఉబ్బరం, మలబద్ధకం, నిద్రమత్తు, చిరాకు, ఒంటి వేడి అర డిగ్రీ సెల్సియస్ దాకా పెరగడం, ఇవన్నీ చాలావరకు దీని పనులే. గర్భం వచ్చిన నెలలోనూ, రాని నెలలోనూ ఈ గ్రంథి మొదటి వారమంతా ఒకే తీరులో పనిచేస్తుంది. ఫలదీకరణ జరిగిందో లేదో దానికి ఇంకా కబురే అందదు. కాబట్టి అండం విడుదలైన అయిదో రోజునో ఆరో రోజునో కనిపించే మార్పుకు గర్భం కారణం కాలేదు. అప్పటికి ఆ పిండం ఫెలోపియన్ ట్యూబు దాటి గర్భాశయంలోకి చేరి ఉంటుంది, అంతే. తల్లి రక్తంలోకి చెప్పుకోదగ్గ హార్మోను ఏదీ అది ఇంకా పంపి ఉండదు. కృత్రిమ గర్భధారణ చేయించుకునేవారికి ప్రొజెస్టెరాన్ మాత్రలో, ఇంజెక్షన్లో ఇస్తారు. పిండం నిలిచినవారికీ నిలవనివారికీ అప్పుడు అవే ఉబ్బరం, అవే సలుపు రావడంలో వింత లేదు.

గర్భిణుల్లో లక్షణాలు నిజంగా ఎప్పుడు మొదలవుతాయో తేల్చడానికి, బిడ్డ పుట్టాక గుర్తుచేసుకోమంటే లాభం లేదు. ఫలితం తెలిశాక మనసు వెనక్కి వెళ్ళి చిన్న చిన్న సంగతులను కూడా ముందస్తు సూచనలుగా పేర్చుకుంటుంది. అందుకే అమెరికాలోని నార్త్ కరోలినాలో 1980లలో ఆలెన్ విల్‌కాక్స్ బృందం చేసిన అధ్యయనానికి ఇంత విలువ వచ్చింది. బిడ్డ కోసం ప్రయత్నం మొదలుపెట్టిన 221 మంది స్త్రీలు ప్రతి ఉదయం మూత్రం నమూనా దాచిపెట్టి, ఆ రోజు ఒంట్లో ఎలా ఉందో ఆ రోజే రాసిపెట్టారు. గర్భం వచ్చిందని తెలియకముందే రాసిన రాతలు కాబట్టి వాటిలో జ్ఞాపకం చేసే సవరణలకు చోటు తక్కువ. వారిలో గర్భం నిలిచి బిడ్డను కన్నవారిని చూస్తే, చివరి ముట్టు మొదటి రోజు నుంచి లెక్కేస్తే సుమారు 36వ రోజుకు గాని సగం మందిలో గర్భ లక్షణాలు మొదలు కాలేదు. ఇరవై ఎనిమిది రోజుల చక్రమైతే అది నెల తప్పాక వారం. ఎనిమిదో వారం ముగిసేసరికి పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి లక్షణాలు వచ్చాయి. అంటే వేవిళ్ళు నిజమే, వాటి వేళ నెల తప్పకముందు కాదు, తప్పిన తర్వాత.

అంటుకునేటప్పుడు పడే రక్తం గురించిన నమ్మకానికీ ఇదే అధ్యయనం పరీక్ష పెట్టింది. పిండం అతుక్కునేటప్పుడు ఒకటి రెండు చుక్కలు కనిపిస్తాయని, నెలసరికి వారం ముందు అలా కనిపిస్తే గర్భమేనని చాలామంది చెబుతారు. మూత్రంలో హార్మోను తొలిసారి కనిపించిన రోజును బట్టి అతుక్కున్న రోజు తెలిసిపోతుంది కాబట్టి, ఆ రోజున రక్తం కనిపించిందా అని రోజువారీ రాతల్లో చూశారు. గర్భం నిలిచిన 151 మందిలో మొదటి ఎనిమిది వారాల్లో రక్తం కనిపించింది 14 మందికే. అది కూడా అతుక్కునే రోజున పడటం అరుదు. ఎక్కువగా నెలసరి రావలసిన రోజుల దగ్గర కనిపించింది. ఆ పద్నాలుగుమందిలో పన్నెండుమంది బిడ్డల్ని కన్నారు కాబట్టి కొద్ది రక్తం కనిపించినంత మాత్రాన గర్భం పోయినట్టు కాదు. అలాగే రక్తం చుక్క గర్భానికి సంకేతమూ కాదు. నిజానికి అది చేసే పెద్ద చిక్కు వేరే ఉంది. నెలసరి రావలసిన రోజుల్లో కొద్దిగా రక్తం కనిపిస్తే దాన్ని ముట్టే అనుకుని, గర్భం లేదని తేల్చుకుని, నెల లెక్క తప్పుగా వేసుకునేవారున్నారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు మొహం చూసి చెప్పేవారు, రెండో కాన్పు స్త్రీలు తమకు ముందే తెలిసిపోయిందంటారు, వారందరి మాటా ఉత్తిదేనా? ఉత్తిది కాదు, కానీ వారికి అందిన సమాచారం లక్షణం ఒక్కటే కాదు. ఇంట్లో పెద్దావిడకు కోడలి ముట్టు తేదీ తెలుసు. కాపురానికొచ్చిన పెళ్ళికూతురు నెల తప్పడం సహజమన్న అంచనా ఆమెకు ముందే ఉంది. రెండో కాన్పు స్త్రీకి తన ఒంటి తీరు తెలుసు, తాను ప్రయత్నిస్తున్న సంగతీ తెలుసు. ఇలా ముందే ఎక్కువ అవకాశం ఉన్నచోట ఏ సూచనను పట్టుకుని చెప్పినా మాట తరచుగా నిజమవుతుంది. తప్పిన జోస్యాలను ఎవరూ లెక్కపెట్టరు. పరీక్షకు నిలిచే ప్రశ్న ఇంకొకటి: అవే లక్షణాలున్న స్త్రీలలో గర్భం రానివారు ఎందరు? ముట్టుకు ముందు రొమ్ములు సలపడం, కడుపు ఉబ్బడం ఎంతోమందికి నెలనెలా మామూలే. గర్భం ఉన్నవారిలోనూ లేనివారిలోనూ సమానంగా కనిపించేది ఎంత బలంగా కనిపించినా రెంటినీ వేరు చేయలేదు.

మరి ఏది వేరు చేస్తుంది? పిండం గర్భాశయపు లోపలి పొరలోకి చొచ్చుకుపోయి తల్లి రక్తనాళాలను చేరినప్పుడు దాని బయటి కణాల నుంచి హెచ్‌సీజీ అనే హార్మోను విడుదలవుతుంది. దాని పని కార్పస్ లూటియాన్ని బతికించడం. ఆ గ్రంథి ఆయుష్షు పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు. కబురు అందకపోతే అది ఎండిపోతుంది, ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, లోపలి పొర జారిపోయి ముట్టు వస్తుంది. హెచ్‌సీజీ వేళకు చేరితే ప్రొజెస్టెరాన్ నిలబడుతుంది, ముట్టు రాదు. అంటే నెల తప్పడం అన్నది ఒళ్ళు తనకు తానుగా చేసుకునే హెచ్‌సీజీ పరీక్ష. దుకాణంలో కొనే స్ట్రిప్ వెతికేదీ అదే హార్మోనును. రెండింటి ఆధారం ఒకటే అయినప్పుడు స్ట్రిప్ ఆ సహజ పరీక్షకంటే మహా అయితే కొద్ది రోజులు ముందుండగలదు, అంతే. వారం పది రోజుల ముందు ఏ కిట్టూ ఏమీ చెప్పలేదు, ఎందుకంటే చెప్పడానికి అప్పటికి మూత్రంలో ఏమీ ఉండదు.

ఆ కొద్ది రోజులు ఎన్ని అనేది పిండం ఎప్పుడు అతుక్కుందన్నదాని మీద ఆధారపడుతుంది. విల్‌కాక్స్ బృందం 1999లో ప్రచురించిన లెక్కల్లో, ఆరు వారాలు దాటి నిలిచిన గర్భాల్లో అతుక్కోవడం అండం విడుదలైన ఆరో రోజు నుంచి పన్నెండో రోజు లోపల జరిగింది. వాటిలో నూటికి 84 ఎనిమిది, తొమ్మిది, పది రోజుల్లోనే. ఆలస్యంగా అతుక్కున్నకొద్దీ గర్భం త్వరగా పోవడం పెరిగింది. తొమ్మిదో రోజు లోపల అతుక్కున్నవాటిలో నూటికి 13 తొందరగా పోతే, పదో రోజున 26, పదకొండో రోజున 52, ఆ తర్వాత 82 పోయాయి. గ్రంథి ఎండిపోయే వేళకు కబురు చేరడం ఈ తేడాకు ఒక కారణం కావచ్చు. బలహీనమైన పిండాలే ఆలస్యంగా అతుక్కుంటాయన్నది మరో వివరణ. మన ప్రశ్నకు మాత్రం వీటిలోంచి కావలసింది ఒకటే. ఒకే రోజున అండం విడుదలైన ఇద్దరు ఆరోగ్యవంతులైన గర్భిణుల్లోనే, మూత్రంలో హార్మోను తొలిసారి కనిపించే రోజు ఆరు రోజుల వరకు అటూ ఇటూ కావచ్చు.

దీనికి అండం విడుదలలోని తేడా కూడా కలుస్తుంది. ఇరవై ఎనిమిది రోజుల చక్రంలో పద్నాలుగో రోజున అండం విడుదలవుతుందన్నది పుస్తకాల్లోని సగటు. రాత్రిళ్ళు నిద్ర లేకపోవడం, జ్వరం, ప్రయాణం, పీసీఓడీ, పాలిచ్చే తల్లి అయి ఉండటం, ఇంకా పెద్ద కారణం ఏదీ లేకపోయినా సరే, ఒక్కో నెల అది నాలుగైదు రోజులు వెనక్కి జరుగుతుంది. ఈ రెండు తేడాలనూ కలిపి 2001లో విల్‌కాక్స్ వేసిన లెక్క, కిట్ డబ్బా మీది ప్రకటనలకు సరైన కొలబద్ద. నెలసరి రావలసిన మొదటి రోజున నిజంగా గర్భవతులైనవారిలో పదిమందిలో ఒకరికి పిండం ఇంకా అతుక్కోనే లేదు. అంటే ఆ రోజున ఎంత సూక్ష్మమైన పరీక్ష అయినా నూటికి 90 మందికి మించి పట్టలేదు. అది కిట్ తయారీ లోపం కాదు, ప్రకృతి గీసిన హద్దు. మరో వారం ఆగితే ఆ హద్దు 97కు చేరుతుంది.

ఇక స్ట్రిప్ లోపల ఏం జరుగుతుందో చూస్తే మిగతా చిక్కులు వాటంతటవే అర్థమవుతాయి. మన దగ్గర ఎక్కువగా దొరికేది చిన్న ప్లాస్టిక్ పలక. దానికో గుంట, వెంట ఒక డ్రాపర్. గుంటలో రెండు మూడు చుక్కలు వేస్తే మూత్రం కాగితం లాంటి పొర వెంట మెల్లగా పాకుతుంది. దారిలో రంగు రేణువులు అద్దిన యాంటీబాడీలు తగులుతాయి. హెచ్‌సీజీ ఉంటే అవి దాన్ని పట్టుకుని, ఆ జంటే ముందుకు సాగుతుంది. టీ అని రాసిన చోట పొరకు అతికించి ఉంచిన మరో యాంటీబాడీ హెచ్‌సీజీ రెండో కొసను పట్టి నిలిపేస్తుంది. పట్టుబడిన రేణువులన్నీ ఒకచోట చేరి గీతగా కనిపిస్తాయి. హెచ్‌సీజీ లేకపోతే రేణువులు అక్కడ ఆగకుండా వెళ్ళిపోయి, సీ అని రాసిన చోట ఆగి కంట్రోల్ గీత వేస్తాయి. యాంటీబాడీల ఎంపికలో ఒక మెలకువ ఉంది. హెచ్‌సీజీలో రెండు భాగాలున్నాయి. ఆల్ఫా భాగం అండం విడుదలను నడిపించే ఎల్‌హెచ్‌లోనూ, థైరాయిడ్‌ను నడిపే హార్మోనులోనూ ఒకేలా ఉంటుంది. బీటా భాగం మాత్రమే దీనికి సొంతం. అందుకే కనీసం ఒక యాంటీబాడీ బీటాను గుర్తించేదై ఉండాలి. రక్త పరీక్షకు బీటా హెచ్‌సీజీ అన్న పేరు రావడానికీ కారణం ఇదే.

ఈ నిర్మాణంలోంచి రెండు హెచ్చరికలు వస్తాయి. మొదటిది, కంట్రోల్ గీత వచ్చిందంటే ద్రవం చివరిదాకా పారిందని, యాంటీబాడీలు చెడిపోలేదని మాత్రమే. మూత్రంలో పరీక్షకు సరిపడా హార్మోను ఉందో లేదో అది చెప్పదు. మంచినీళ్ళు పోసినా కంట్రోల్ గీత వస్తుంది. కాబట్టి ఒక్క గీత కనిపిస్తే పరీక్ష సరిగ్గా నడిచిందని చెప్పవచ్చు, గర్భం లేదని చెప్పలేము. రెండోది, స్ట్రిప్‌కు ఒక గడప ఉంటుంది. మామూలు కిట్లకు అది మిల్లీలీటరు మూత్రంలో 25 మిల్లీ యూనిట్లు, సూక్ష్మమైనవాటికి ఇంకా తక్కువ. గడప దాటని హార్మోను ఉన్నా గీత పడదు. ఉదయం లేవగానే వచ్చే మూత్రం వాడమనడం ఈ గడప కోసమే. రాత్రంతా నిలిచిన మూత్రం చిక్కగా ఉంటుంది. రెండు చెంబుల నీళ్ళు తాగి మధ్యాహ్నం పరీక్షిస్తే అదే హార్మోను నాలుగైదు రెట్లు పల్చబడి గడప కిందికి పోవచ్చు. హార్మోను బాగా పెరిగాక ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. తొలి రోజుల్లో మాత్రం ఫలితాన్ని తిరగేసేది ఇదే.

ఒక నెలను రోజు రోజుగా నడిపి చూద్దాం. ఒక స్త్రీకి జూన్ 1న ముట్టు మొదలైంది, చక్రం మామూలుగా 28 రోజులు. లెక్క ప్రకారం అండం జూన్ 14న విడుదల కావాలి, మళ్ళీ ముట్టు జూన్ 29న రావాలి. ఆ నెల అండం నాలుగు రోజులు ఆలస్యమై 18న విడుదలైంది, పిండం తొమ్మిది రోజులకు, అంటే 27న అతుక్కుంది. ఇంత సాధారణమైన గర్భం ఇంకోటుండదు. తొలి రోజుల్లో మూత్రంలో హెచ్‌సీజీ ఇంచుమించు రోజుకు రెట్టింపవుతుంది, తర్వాత ఆ వేగం రెండు రోజులకు రెట్టింపు దాకా తగ్గుతుంది. లెక్క సులువుగా ఉండేందుకు 27న 1 మిల్లీ యూనిట్ అనుకుంటే 28న 2, 29న 4, 30న 8, జూలై 1న 16, జూలై 2న 32. ఇప్పుడు ఆమె పరీక్షలు చూడండి. జూన్ 24న, నెల తప్పడానికి అయిదు రోజుల ముందు, ఆశతో చేసిన పరీక్ష నెగెటివ్. పిండం ఇంకా అతుక్కోనే లేదు కాబట్టి అది తప్పు ఫలితం కూడా కాదు, ప్రశ్నే వేళకు ముందు అడిగినది. జూన్ 29న ముట్టు రాలేదు, పరీక్ష చేస్తే 4 మిల్లీ యూనిట్లు, గడప 25, మళ్ళీ నెగెటివ్. జూలై 2 ఉదయం సన్నటి గీత. ఆ మధ్యాహ్నం నీళ్ళు తాగి మళ్ళీ చేస్తే గీత మాయం. జూలై 6న ముదురు గీత. అయిదు పరీక్షల్లో మూడు నెగెటివ్, రెండు పాజిటివ్. అయినా కిట్ ఒక్కసారి కూడా చెడిపోలేదు, గర్భం ఒక్కసారి కూడా ఊగిసలాడలేదు. మారిందల్లా తేదీ, నీటి పాళ్ళు.

డబ్బా మీద 99 శాతం ఖచ్చితమని రాసి ఉంటుంది కదా అనవచ్చు. ఆ అంకె ప్రయోగశాలలోది. హార్మోను తగినంత ఉన్న నమూనాలనూ, అసలు లేని నమూనాలనూ స్ట్రిప్ సరిగ్గా గుర్తించిందా అన్నదాని లెక్క అది. నెలసరి రావలసిన రోజు నుంచి వాడితేనే అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంట్లో అడిగే ప్రశ్న వేరు: ఈ రోజు నా మూత్రంలో ఆ హార్మోను ఉండే అవకాశమే ఉందా? దానికి కిట్ జవాబుదారీ కాదు. రక్త పరీక్షతో ఈ హద్దు దాటవచ్చా అంటే కొంతవరకే. బీటా హెచ్‌సీజీ రక్త పరీక్ష 5 మిల్లీ యూనిట్ల దగ్గరే పట్టగలదు, అంకె కూడా ఇస్తుంది, రెండు రోజుల తర్వాత మళ్ళీ చేస్తే పెరుగుదల తెలుస్తుంది. పై ఉదాహరణలో అది జూన్ 30కే పట్టేసేది, స్ట్రిప్ కంటే రెండు రోజులు ముందు. జూన్ 24న మాత్రం అదీ సున్నానే చూపేది.

ఇంతవరకు చూసింది ఉన్న గర్భాన్ని లేదనడం. లేని గర్భాన్ని ఉందనడం దీనికంటే చాలా అరుదు, దానిలోనూ ఎక్కువ భాగం గీతను చూడటంలోని పొరపాటు. స్ట్రిప్‌ను కరపత్రంలో రాసిన వేళకు, సాధారణంగా అయిదు నిమిషాలకు, చూడాలి. పది నిమిషాలు దాటాక ద్రవం ఆరిపోయి టీ దగ్గర బూడిద రంగు నీడ లాంటి గీత మిగలవచ్చు. నిజమైన గీతకు కంట్రోల్ గీతకున్న రంగే ఉంటుంది, ఎంత సన్నగా పాలిపోయినా అడ్డంగా పూర్తిగా సాగుతుంది, గడువు లోపలే కనిపిస్తుంది. చెత్తబుట్టలోంచి గంట తర్వాత తీసి చూసిన గీతకు ఏ విలువా లేదు. అనుమానమొస్తే అదే స్ట్రిప్‌ను వెలుతురులో తిప్పి తిప్పి చూడటం కంటే రెండు రోజులు ఆగి కొత్తదానితో చేసుకోవడమే దారి. నిజంగా ఉంటే ఆ రెండు రోజుల్లో హార్మోను ఇంచుమించు రెట్టింపయి గీత ముదురుతుంది.

గీత నిజమైనదే అయి, దాని అర్థం మనం అనుకున్నది కాకపోవడం మరో రకం. స్ట్రిప్ చెప్పేది మూత్రంలో హెచ్‌సీజీ ఉందని మాత్రమే. సంతాన సాఫల్య కేంద్రాల్లో అండం విడుదల కోసం ఇచ్చే హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పట్టవచ్చు. ఆలోగా చేసే పరీక్ష పిండాన్ని కాదు, సూదిమందును చూపుతుంది. గర్భస్రావం తర్వాతా, మాత్రలతో గర్భం తీయించుకున్న తర్వాతా కొన్ని వారాలపాటు గీత పడుతూనే ఉంటుంది. ఆ గీతను చూసి మాత్రలు పనిచేయలేదని తేల్చుకోకూడదు. పూర్తయిందో లేదో డాక్టరు పరీక్షతోనో స్కానింగుతోనో తేలాలి. అన్నిటికంటే ప్రమాదమైనది ట్యూబులో నిలిచిన గర్భం. దానికీ హెచ్‌సీజీ ఉంటుంది, గీతా పడుతుంది. గర్భం ఎక్కడుందో గీత చెప్పదు. పాజిటివ్ వచ్చాక పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, రక్తం కనిపించడం, కళ్ళు తిరగడం, భుజం కొసన నొప్పి ఉంటే మరునాటి దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

తొందరగా పరీక్షిస్తే నష్టమేమిటి, మహా అయితే ఒక కిట్ దండగ, అనే వాదన ఉంది. నష్టం రెండు వైపులా ఉంది. నార్త్ కరోలినా అధ్యయనంలో మూత్రంలో హార్మోను కనిపించిన గర్భాల్లో నూటికి 22 నెల తప్పిన సంగతి కూడా సరిగా తెలియకముందే పోయాయి. కెమికల్ ప్రెగ్నెన్సీ అని డాక్టర్లు అనేది దీన్నే. మామూలుగా అయితే ఆ స్త్రీ ముట్టు ఒకటి రెండు రోజులు ఆలస్యమైందనుకుని ఊరుకునేది. సూక్ష్మమైన కిట్‌తో నాలుగు రోజుల ముందే పరీక్షిస్తే అదొక గర్భమై, పోగొట్టుకున్న గర్భమవుతుంది. తెలుసుకోవడం తప్పు కాదు, చికిత్సలో ఉన్నవారికి ఆ సమాచారం పనికొస్తుంది కూడా. తనకు ఆ సమాచారం కావాలో వద్దో మాత్రం ముందే తేల్చుకోవాలి. రెండో నష్టం తప్పుడు ధీమా. నెల తప్పకముందు వచ్చిన నెగెటివ్‌ను నమ్మి ఎక్స్‌రేకు పోవడం, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ లాంటి మందు మొదలుపెట్టడం, గర్భం వద్దనుకునేవారు నాలుగైదు వారాలు మళ్ళీ పరీక్షించకుండా ఉండిపోవడం ఇందులోకి వస్తాయి. బిడ్డ కోసం ప్రయత్నించేవారు ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టడానికి గీత కోసం చూడనే కూడదు. దాని అవసరం మొదటి వారాల్లోనే కాబట్టి రోజుకు 400 మైక్రోగ్రాములు గర్భానికి ముందు నుంచే వేసుకోవాలని చెబుతారు.

మరీ ఆలస్యంగా పరీక్షించినా ఒక్కోసారి ఇబ్బందే అన్నది చాలామందికి తెలియని సంగతి. గర్భం రెండో నెలలోకి వచ్చాక మూత్రంలో హెచ్‌సీజీ తునకలు విపరీతంగా పెరుగుతాయి. కొన్ని కిట్లలో ఒక యాంటీబాడీ ఈ తునకలను పట్టుకుంటుంది, రెండో యాంటీబాడీ గుర్తించే కొస తునకలో లేకపోవడంతో జంట కుదరక గీత సన్నబడుతుంది, అరుదుగా మాయమవుతుంది. ముత్యాల గర్భంలో హార్మోను లక్షల మిల్లీ యూనిట్లకు పోయినప్పుడు కూడా యాంటీబాడీలన్నీ విడివిడిగా నిండిపోయి ఇదే జరగవచ్చు. మూత్రాన్ని నీళ్ళతో పల్చన చేసి మళ్ళీ చేస్తే గీత తిరిగి రావడం దీని గుర్తు. అందుకే రెండు మూడు నెలలుగా ముట్టు లేక, వాంతులుండి, స్ట్రిప్ మాత్రం నెగెటివ్ అంటుంటే అక్కడ నమ్మాల్సింది స్ట్రిప్‌ను కాదు, స్కానింగు చేయించాలి. తొలి రోజుల్లో నమ్మదగని ఒంటి సూచనలే ఆ వేళకు స్ట్రిప్‌ను ప్రశ్నించే అర్హత సంపాదించుకుంటాయి.

ముట్టు వేళలు క్రమంగా లేనివారికి ఈ లెక్కలు ఎలా పనికొస్తాయన్న అభ్యంతరానికి జవాబు కూడా అదే జీవక్రమంలో ఉంది. వారికి నెల తప్పిన రోజు అనేది ఉండదు, కలయిక జరిగిన తేదీ ఉంటుంది. వీర్యకణాలు అయిదు రోజుల దాకా బతకగలవు, అండం ఆ అయిదో రోజున విడుదల కావచ్చు, పిండం మరో పన్నెండు రోజులకు అతుక్కోవచ్చు, హార్మోను గడప దాటడానికి ఇంకో నాలుగు రోజులు. మొత్తం 21 రోజులు. రక్షణ లేని చివరి కలయిక తర్వాత మూడు వారాలకు ఉదయపు మూత్రంతో చేసిన నెగెటివ్‌ను నమ్మవచ్చు. క్రమంగా వచ్చేవారికి నెల తప్పిన రోజున ఒకసారి, నెగెటివ్ అయి ముట్టు రాకపోతే వారం తర్వాత మరోసారి చాలు. ఇందుకు ఖరీదైన కిట్ కూడా అక్కర్లేదు. ఆశా కార్యకర్తల దగ్గర నిశ్చయ్ పేరుతో ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేదీ ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. పంచదార, టూత్‌పేస్టు, సబ్బు పరీక్షలలో హెచ్‌సీజీని గుర్తించేది ఏదీ లేదు. టూత్‌పేస్టు పొంగడం మూత్రంలోని ఆమ్లం చేసే పని, మగవారి మూత్రంతోనూ పొంగుతుంది.

కాబట్టి పాజిటివ్ అయినా నెగెటివ్ అయినా తేదీ లేకుండా ఆ మాటకు అర్థం సగమే. గడువు లోపల కనిపించిన రంగు గీత, సూదిమందు గాని ఈ మధ్య పోయిన గర్భం గాని లేనప్పుడు, దాదాపు ఎప్పుడూ గర్భమే. అది ఎక్కడుంది, ఎలా ఉంది అన్నవి స్కానింగుకు మిగిలిన ప్రశ్నలు. నెల తప్పకముందు వచ్చిన నెగెటివ్ మాత్రం లేదని కాదు, ఇంకా తెలియదని. ముట్టు వచ్చేదాకా, లేదా వారం తర్వాతి పరీక్ష దాకా, గర్భం ఉండవచ్చన్నట్టే నడుచుకోవాలి. ఎక్స్‌రే గదిలోనైనా డాక్టరు ముందైనా చెప్పాల్సింది స్ట్రిప్ ఫలితం ఒక్కటే కాదు. చివరి ముట్టు మొదటి రోజు ఏది, కలయిక ఎప్పుడు, పరీక్ష ఏ తేదీన చేశారు అన్న మూడు సంగతులు చెబితే, ఆ ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలో వారే లెక్కగట్టగలరు.